ద్రవ సింటిలేషన్ లెక్కింపు – 4వ పాఠం: క్వెంచ్ సరిదిద్దడం, సీపీఎం నుంచి డీపీఎం

గత పాఠం చివర రెండు వయళ్ల అంకెలు ఇచ్చి వదిలేశాను. డీఎన్ఏ తయారీలో వాడుకయ్యే థైమిడిన్‌కు ట్రిటియం తగిలించి ఎక్కించిన రెండు ఎలుకల కాలేయం ముక్కలవి. కణజాలాన్ని క్షారంతో కరిగించి, బీటా కణం తగిలితే మెరిసే కాక్‌టెయిల్ పోసి లెక్కిస్తే, బ్యాక్‌గ్రౌండ్ తీసేశాక 'ఎ'లో 4,600 సీపీఎం, 'బి'లో 3,800 సీపీఎం వచ్చాయి. 'బి' ఎలుకకు మందు ఇచ్చాం. మందు వల్ల డీఎన్ఏ తయారీ తగ్గిందని రాసేయొచ్చా?

రాసేయకూడదు. సీపీఎం అంటే యంత్రం నిమిషానికి చూసిన మెరుపుల సంఖ్య. మనకు కావలసింది నిమిషానికి నిజంగా విచ్ఛిన్నమైన పరమాణువుల సంఖ్య, అంటే డీపీఎం. చూసినదాన్ని జరిగినదానితో భాగిస్తే వచ్చేదే లెక్కింపు సామర్థ్యం. అది ప్రతి వయల్‌కీ వేరుగా ఉంటుంది. చిక్కంతా అక్కడే.

ట్రిటియం దగ్గర ఈ చిక్కు ఎందుకు ముదురుతుందో ఒక్క లెక్కతో తెలుస్తుంది. దాని బీటా కణం సగటు శక్తి 5.7 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మంచి కాక్‌టెయిల్ ఒక్కో కిలో ఎలక్ట్రాన్ వోల్టుకు సుమారు 10 ఫోటాన్లు ఇస్తుందనుకుంటే, మొత్తం 57. వాటిలో నాలుగో వంతు కూడా ఫోటోమల్టిప్లయర్ గొట్టాల్లో ఎలక్ట్రాన్లుగా మారవు. అలా మారిన పది పన్నెండే రెండు గొట్టాలకూ పంచాలి. రెండూ ఒకేసారి స్పందిస్తేనే యంత్రం దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. ఇది సగటు కణం సంగతి. అంతకంటే బలహీనమైన కణాలు చాలా ఉంటాయి. కాక్‌టెయిల్‌లో నీరో, ఆమ్లమో, కరిగిన ఆక్సిజనో చేరి శక్తి మెరుపునిచ్చే పదార్థమైన ఫ్లోర్‌ దాకా వెళ్లకుండా మధ్యలో మింగేస్తే అది రసాయన క్వెంచ్. పుట్టిన వెలుగును రక్తం తాలూకు పసుపు రంగు పీల్చేస్తే అది రంగు క్వెంచ్. ఎలా జరిగినా బలహీన కణాలు ముందు మాయమవుతాయి. కార్బన్-14 సగటు శక్తి 49 కాబట్టి అది ఈ దెబ్బను చాలావరకు తట్టుకుంటుంది. ట్రిటియం తట్టుకోలేదు.

వక్రరేఖ గీయడం

దీనికి క్వెంచ్ ప్రామాణికాల సెట్ కావాలి. సీల్ చేసిన గాజు వయళ్లు, ప్రతిదాంట్లో ఒకే మొత్తం ట్రిటియం ఉంటుంది. క్వెంచ్ పుట్టించే నైట్రోమీథేన్ మాత్రం వయల్ వయల్‌కీ కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. వాటిని లెక్కించేటప్పుడు యంత్రం ప్రతి వయల్ దగ్గరికీ ఒక గామా మూలాన్ని తెస్తుంది. ట్రై-కార్బ్ రకం యంత్రాల్లో అది బేరియం-133. ఆ గామా కిరణాలు కాక్‌టెయిల్‌లోనే ఎలక్ట్రాన్లను తన్ని మెరుపులు పుట్టిస్తాయి. క్వెంచ్ ఎంత ఎక్కువైతే ఆ వర్ణపటం అంత కిందికి జారుతుంది. ఆ జారుడునే తెరమీద tSIE అనే అంకెగా చూపిస్తారు. క్వెంచ్ లేనిదానికి 1000, పెరిగేకొద్దీ తగ్గుతుంది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. నా మొదటి వక్రరేఖకు సర్టిఫికెట్‌లో ఉన్న 2,00,000 డీపీఎం అంకెను అలాగే వాడేశాను. దాని తేదీ చూడలేదు. అప్పటికి మూడేళ్లయింది. ట్రిటియం అర్ధాయువు 12.32 ఏళ్లు కాబట్టి:

```
2,00,000 × e^(-0.693 × 3 / 12.32) = 1,68,900 DPM
```

లేని 31,000 డీపీఎంను ఉన్నట్టు అనుకున్నాను కాబట్టి ప్రతి సామర్థ్యమూ తక్కువగా వచ్చింది. నమూనాల డీపీఎంలన్నీ 18 శాతం ఎక్కువ చూపించాయి. అన్నీ ఒకే వాటాలో తప్పడంతో గ్రాఫ్ చక్కగానే కనిపించింది. అనుమానమే రాలేదు. యంత్రం తేదీని తనే సరిచేస్తుందనుకోకండి. ప్రామాణికం తేదీని మీరే ఎక్కించారో లేదో సెట్టింగుల్లో చూసుకోండి.

ఈ పాఠానికి తేలిగ్గా ఉండే అంకెలు తీసుకుందాం. tSIE 400 ఉన్న ప్రామాణికంలో 81,070 సీపీఎం వచ్చింది. 1,68,900తో భాగిస్తే సామర్థ్యం 48 శాతం. tSIE 250 దగ్గర 64,180 సీపీఎం, అంటే 38 శాతం. నిజమైన రేఖ వంపుగా ఉంటుంది, యంత్రం ఎక్కువ బిందువులతో దాన్ని గీస్తుంది. ఈ చిన్న ముక్కను మనం సరళరేఖ అనుకుంటే పెద్ద నష్టం లేదు.

ఇప్పుడు మన వయళ్లు

'ఎ' tSIE 370. 400 నుంచి 30 తగ్గింది. 150కి 10 శాతం పడిపోయే చోట 30కి 2 శాతం, కాబట్టి సామర్థ్యం 46. 'బి' tSIE సరిగ్గా 250, సామర్థ్యం 38.

```
A: 4600 / 0.46 = 10,000 DPM
B: 3800 / 0.38 = 10,000 DPM
```

తేడా లేదు. 'బి'లో రక్తం ఎక్కువగా మిగిలి కాక్‌టెయిల్ పసుపెక్కింది, అంతే. మందు పనితనం అనుకున్నది రంగు క్వెంచ్.

ఇక్కడితో ఆగితే సగం పనే అయినట్టు. మన వక్రరేఖ నైట్రోమీథేన్‌తో గీసినది, అంటే రసాయన క్వెంచ్‌ది. 'బి'లో ఉన్నది రంగు. క్వెంచ్ తేలికగా ఉన్నంతవరకు రెండు రేఖలూ దాదాపు కలిసే ఉంటాయి, ముదిరితే విడిపోతాయి. అందుకే 'బి' లాంటి వయల్‌లో అంతర్గత ప్రామాణికంతో సరిచూడాలి. 20 మైక్రోలీటర్లలో సరిగ్గా 50,000 డీపీఎం ఉన్న ట్రిటియం నీరు అదే వయల్‌లో వేసి, బాగా కలిపి, మళ్లీ లెక్కిస్తే బ్యాక్‌గ్రౌండ్ పోగా 22,800 సీపీఎం వచ్చిందనుకోండి. పెరిగింది 19,000. దాన్ని 50,000తో భాగిస్తే 38 శాతం. వక్రరేఖ చెప్పినదే. ఇక నమ్మొచ్చు. ఈ పద్ధతి నిక్కచ్చిదే కానీ వయల్ మళ్లీ పనికిరాదు, పిపెట్ పొరపాటు నేరుగా జవాబులోకి వచ్చేస్తుంది. అందుకే ప్రతి వయల్‌కీ కాక, రంగు బాగా ఉన్న రెండు మూడింటికే చేస్తాం.

రంగు మరీ ముదిరితే కాక్‌టెయిల్ పోయకముందే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచడం మేలు. దానికో మెలిక ఉంది. క్షారం, పెరాక్సైడ్ కలిసిన చోట రసాయన కాంతి పుడుతుంది. విచ్ఛిన్నం ఏమీ లేకుండానే సీపీఎం ఉబ్బుతుంది. గుర్తుపట్టడం తేలికే: ట్రిటియం లేని కణజాలాన్ని అదే విధంగా కరిగించి పోలిక వయల్‌గా పెట్టండి. అది ఎక్కువ చూపిస్తూ, గంట గంటకూ తగ్గుతూ ఉంటే ఆ కాంతే. చీకట్లో, చల్లగా ఉంచి, అంకె నిలకడపడ్డాకే లెక్కించాలి.

క్వెంచ్ సరిదిద్దడం అస్సలు పట్టుకోలేని చోటు కూడా ఉంది. డీఎన్ఏను ఫిల్టర్ కాగితం మీద పట్టి, కాగితాన్నే వయల్‌లో వేసి లెక్కించే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. ట్రిటియం బీటా ఆ కాగితపు పోగుల్లోనే ఆగిపోతుంది, కాక్‌టెయిల్‌ను చేరదు. కానీ గామా మూలం చూసేది చుట్టూ ఉన్న కాక్‌టెయిల్‌నే. కాబట్టి tSIE బ్రహ్మాండంగా వస్తుంది, డీపీఎం మాత్రం తప్పు. అంతర్గత ప్రామాణికమూ అదే కాక్‌టెయిల్‌లో కరుగుతుంది కనుక అదీ మోసపోతుంది. డీఎన్ఏను కాగితం నుంచి కరిగించి బయటికి తెచ్చి లెక్కించి చూస్తేనే తేడా బయటపడుతుంది. నీరు ఎక్కువై కాక్‌టెయిల్ రెండు పొరలుగా విడిపోయిన వయల్‌దీ ఇదే కథ. అందుకే యంత్రంలో పెట్టేముందు ప్రతి వయల్‌నూ వెలుతురుకు ఎత్తి చూడండి.

అభ్యాసం

'సి' వయల్: నికర 5,200 సీపీఎం, tSIE 325. 50,000 డీపీఎం చేర్చాక నికర 25,200 సీపీఎం. వక్రరేఖ ప్రకారం ఒకసారి, అంతర్గత ప్రామాణికం ప్రకారం ఒకసారి డీపీఎం కట్టండి. రెండూ కలవవు. దేన్ని నమ్ముతారు, ముందు ఏం సరిచూస్తారు? వచ్చే పాఠాన్ని ఈ వయల్‌తోనే మొదలుపెడతాను, ఆ తర్వాత ట్రిటియం, కార్బన్-14 రెండూ కలిసిన నమూనాల దగ్గరికి వెళ్దాం.