ఉదయం ఏడు గంటల షిఫ్ట్ మార్పు: గల్లా తేలకపోవడం, గది తారుమారవడం, టాక్సీ రాకపోవడం

హోటల్ కౌంటర్‌లో రోజుకు మూడుసార్లు షిఫ్ట్ మారినా, ఎక్కువ తలనొప్పులు నైట్ షిఫ్ట్ నుంచి మార్నింగ్ షిఫ్ట్‌కు చేతులు మారేటప్పుడే వస్తాయి. ఆ ఎనిమిది గంటల మధ్యలో తేదీ రెండుసార్లు మారడమే దీనికి మూలం. గోడ గడియారంలో పన్నెండుకు మారుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఆ రోజు లెక్కలు ముగించే నైట్ ఆడిట్ పూర్తయ్యాకే, అంటే ఏ రెండింటికో మూడింటికో మారుతుంది. ఈ రెంటి నడుమ జరిగిన ప్రతి పనీ గడియారం లెక్కలో ఈ రోజుది, కంప్యూటర్ లెక్కలో నిన్నటిది.

చెన్నై గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల ఉన్న ఒక మధ్యతరగతి హోటల్‌ను ఊహించుకుందాం. అక్కడికి నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఆస్పత్రి పని మీద వచ్చేవాళ్లు ఎక్కువ, అర్ధరాత్రి దిగేవాళ్లూ ఎక్కువే. నైట్ షిఫ్ట్ 14వ తేదీ మంగళవారం రాత్రి 23:00కు మొదలైంది. 00:40కి నెల్లూరు నుంచి ఒకాయన, భార్యతో వచ్చి 304 తీసుకున్నారు. అడ్వాన్స్ ₹2,500 నగదుగా ఇచ్చారు. "రేపు ఏడున్నరకు ఆస్పత్రికి టాక్సీ కావాలండీ" అన్నారు. 01:30కి ఫోన్ చేసి ఏసీ చల్లబడటం లేదంటే 306కు మార్చారు. నైట్ ఆడిట్ 02:15కు అయింది. ఈ ఒక్క గది నుంచే పొద్దున ఏడింటికి నాలుగు చిక్కులు పుడతాయి.

సమస్య 1: గల్లాలో డబ్బు ఎక్కువగా ఉంది

ఏడింటికి ప్రింట్ తీసిన క్యాషియర్ రిపోర్ట్‌లో నగదు వసూలు ₹4,200. గల్లాలో ఎప్పుడూ ఉంచే ఫ్లోట్ ₹10,000. రాత్రి గెస్టుల తరఫున టాక్సీకి, మందులకు ఇచ్చిన పెయిడ్ అవుట్‌లు ₹800, వోచర్లు ఉన్నాయి. అంటే గల్లాలో ఉండాల్సింది ₹13,400. లెక్కపెడితే ₹15,900 వచ్చింది: 500 నోట్లు 24, 200 నోట్లు 9, 100 నోట్లు 17, 50 నోట్లు 6, 10 నోట్లు 10. ఎక్కువ ₹2,500.

కారణం: చిన్న హోటళ్లు వాడే చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఈ రిపోర్ట్ తేదీ వారీగా వస్తుంది. ఏడింటికి "ఈ రోజు" అని నొక్కితే 15వ తేదీది, అంటే 02:15 తర్వాతిది మాత్రమే చూపిస్తుంది. 00:40కి తీసుకున్న అడ్వాన్స్ 14వ తేదీ ఖాతాలో ఉంది. డబ్బు ఎక్కడికీ పోలేదు, ఎక్కడినుంచీ ఊడిపడనూ లేదు. మనం అడిగిన తేదీ తప్పు.

సరిచేయడం: నైట్ షిఫ్ట్ రిపోర్ట్ ఎప్పుడూ యూజర్ పేరు మీద, సమయం ఇచ్చి తీయాలి: 14వ తేదీ 23:00 నుంచి 15వ తేదీ 07:00 వరకు. సమయం ఇచ్చే వీలు లేకపోతే రెండు తేదీల రిపోర్టులూ తీసి, 14వ తేదీ దాంట్లో 23:00 తర్వాతి రసీదులను మాత్రం పెన్నుతో గుర్తుపెట్టి కలపాలి. ఇక్కడ 4,200కు 2,500 కలిపితే వసూలు ₹6,700. అందులో 800 తీసేస్తే ₹5,900. అది తేదీ, మొత్తం, సంతకాలతో కవర్లో పెట్టి సేఫ్‌లో వేస్తే గల్లాలో సరిగ్గా ₹10,000 మిగులుతుంది.

ఎక్కువ వచ్చింది కదా అని "తర్వాత చూద్దాం" అంటూ ఆ 2,500ను డ్రాయర్ మూలన పెట్టడమే అసలు ప్రమాదం. అకౌంట్స్ వాళ్లు 14వ తేదీ లెక్క తీసినప్పుడు అదే మొత్తం తక్కువ పడుతుంది, అప్పుడు అనుమానం నైట్ షిఫ్ట్ మనిషి మీదకు పోతుంది. ఎక్కువైనా తక్కువైనా హ్యాండోవర్ షీట్‌లో అంకె రాయాల్సిందే. జేబులోంచి వేసి సరిచేయడం కూడా తప్పే. అసలు పొరపాటు ఎక్కడుందో ఇక ఎప్పటికీ దొరకదు.

తేడా తేదీది కాకపోతే, ఆ అంకే దారి చూపిస్తుంది. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడండి: 1,540ని 1,450గా కొడితే తేడా 90. తేడాలో సగం ఏదైనా వోచర్ మొత్తానికి సరిపోతే, ఇచ్చిన డబ్బును వచ్చినట్టు ఎక్కించారేమో చూడండి: ₹800 పెయిడ్ అవుట్‌ను రసీదుగా కొడితే గల్లా ₹1,600 తక్కువ కనిపిస్తుంది. ఈ రెండూ కాకపోతే రిఫండ్లు చూడాలి. అడ్వాన్స్ యూపీఐలో వచ్చి, తెల్లవారుజామున ఖాళీ చేసేటప్పుడు మిగిలింది నగదుగా ఇచ్చి, సిస్టమ్‌లో మాత్రం యూపీఐ రిఫండ్ అని ఎక్కిస్తే గల్లాలో అంత తక్కువ పడుతుంది. వచ్చిన దారినే తిరిగి పంపడం మేలు. నగదే ఇవ్వాల్సి వస్తే నగదు అనే రాసి గెస్ట్ సంతకం తీసుకోవాలి. యూపీఐ వసూళ్లకు గెస్ట్ ఫోన్‌లోని స్క్రీన్‌షాట్ చాలదు. హోటల్ యాప్‌లో వచ్చిందో లేదో చూసి, 12 అంకెల యూటీఆర్ నంబర్ రాసుకోవాలి.

ఇద్దరూ కలిసి ఒకేసారి లెక్కపెట్టడం కన్నా, షిఫ్ట్ దిగేవాళ్లు లెక్కపెట్టి షీట్ బోర్లా పెట్టి, షిఫ్ట్ ఎక్కేవాళ్లు విడిగా లెక్కపెట్టి తమ అంకె రాశాక పోల్చుకోవడం మంచిది. ముందే అంకె తెలిస్తే చేతులు దానికే సరిపెడతాయి.

సమస్య 2: ఖాళీ అని చూపించిన గదిలో మనుషులు ఉన్నారు

07:10కి సెంట్రల్‌లో రైలు దిగి ఒక కుటుంబం వచ్చింది. సిస్టమ్‌లో 306 ఖాళీ, శుభ్రం అని ఉంది. తాళం ఇచ్చారు. తలుపు లోపల గొలుసు వేసి ఉంది, లోపలినుంచి ఎవరో అరిచారు.

కారణం: 01:30కి మనుషులు మారారు గానీ సిస్టమ్‌లో గది మారలేదు. ఆడిట్ అయ్యాక చేద్దామని వదిలేసి ఉంటారు. దాంతో సిస్టమ్ దృష్టిలో 304లో మనుషులు ఉన్నారు, 306 అమ్మకానికి సిద్ధంగా ఉంది.

అప్పటికప్పుడు చేయాల్సింది ఇది. లోపలివాళ్లకు క్షమాపణ చెప్పి, వచ్చినవాళ్లను లాబీలో కూర్చోబెట్టండి. వేరే గదిని సిస్టమ్ చూసి కాదు, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ తలుపు తెరిచి చూశాకే ఇవ్వండి. తర్వాత 304 నుంచి 306కు రూమ్ మూవ్ ఎక్కించి, అడ్వాన్స్, అద్దె రెండూ 306 బిల్లులోకి వచ్చాయో లేదో చూడండి. 304ను సిస్టమ్‌లో డర్టీ అని పెట్టి ఊరుకోకండి. మంచం మీద పడుకుని లేచారు కాబట్టి దుప్పట్లు మార్చాలి, అది ఒక పని. ఏసీ బాగు చేయాలి, అది ఇంకో పని. మెయింటెనెన్స్ కంప్లెయింట్ వేసి గదిని అవుట్ ఆఫ్ ఆర్డర్‌లో పెట్టకపోతే, తుడిచిన గంటకే క్లీన్ అయి మళ్లీ ఎవరికో అమ్ముడవుతుంది. సాయంత్రం అదే ఫిర్యాదు.

ఇది తలుపు దాకా పోకముందే దొరుకుతుంది. ఏడింటికి హౌస్‌కీపింగ్ ఇచ్చే గదుల లిస్టును సిస్టమ్ లిస్టు పక్కన పెట్టి, తేడా ఉన్న గదులనే చూడండి. ఒకే రాత్రి రెండు గదులు ఒకదానికొకటి ఎదురుగా తేడా చూపిస్తే (304 సిస్టమ్‌లో నిండు, నిజానికి ఖాళీ, 306 సిస్టమ్‌లో ఖాళీ, నిజానికి నిండు) అది చాలావరకు ఎక్కించకుండా వదిలేసిన రూమ్ మూవే. సిస్టమ్‌లో నిండుగా ఉండి నిజానికి ఖాళీ అయిన గది ఒక్కటే కనిపిస్తే సామాను ఉందా, బిల్లు బాకీ ఎంత అని చూడాలి. సామాను ఉంటే గెస్ట్ రాత్రి బయట పడుకున్నారు. సామానూ బాకీ రెండూ లేకపోతే చెక్ అవుట్ నొక్కడం మరిచారు. సామాను లేకుండా బాకీ మాత్రం ఉంటే వెంటనే మేనేజర్‌కు చెప్పాలి. ఇక సిస్టమ్‌లో ఖాళీగా ఉండి లోపల మనుషులున్న గది ఒక్కటే కనిపిస్తే రిజిస్ట్రేషన్ కార్డు ఎక్కడుందో అడగండి. కార్డు లేకపోతే అది మతిమరుపు కాకపోవచ్చు.

సమస్య 3: మధ్యాహ్నం ఖాళీ చేయమంటే గెస్ట్ గొడవ పడ్డారు

ఇదీ 00:40 పుణ్యమే. ఆడిట్‌కు ముందు చెక్ ఇన్ చేశారు కాబట్టి సిస్టమ్‌లో వచ్చిన తేదీ 14, వెళ్లే తేదీ 15 అయింది. 24 గంటల పద్ధతి ఉన్న హోటల్లో ఆయనకు 16వ తేదీ 00:40 వరకు హక్కు ఉంది. ఆ రోజు ఖాళీ చేయాల్సిన గదులు చూపే డ్యూ అవుట్ లిస్టు మాత్రమే చూసిన మార్నింగ్ షిఫ్ట్ పన్నెండింటికి ఫోన్ చేస్తుంది.

చెక్ ఇన్ చేసేటప్పుడే వెళ్లే తేదీని 16గా పెట్టి, రిమార్క్‌లో "వచ్చింది 15వ తేదీ 00:40" అని రాస్తే సరిపోతుంది. 16వ తేదీ ఆడిట్ సమయానికి కూడా ఆయన గదిలోనే ఉంటే రెండో రోజు అద్దె దానంతటదే పడుతుంది, అది న్యాయమే. మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చేయాలనే పద్ధతి ఉన్న హోటలైతే, ఆ సంగతి అర్ధరాత్రి కౌంటర్ దగ్గరే చెప్పి కార్డు మీద సంతకం తీసుకోవాలి. పొద్దున చెబితే ఎవరూ ఒప్పుకోరు.

సమస్య 4: టాక్సీ రాలేదు

హ్యాండోవర్ పుస్తకంలో రాసింది ఇదీ: "304 రేపు 7.30 టాక్సీ, చెప్పాను."

ఈ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. గది 304 కాదు, 306. "రేపు" అన్నది 00:40కి, కాబట్టి ఆయన ఉద్దేశం ఇంకో ఏడు గంటల్లో, 15నే. ఏడింటికి చదివినవాళ్లకు అది 16. "చెప్పాను" అంటే ఎవరికి? బుక్ అయిందా, డ్రైవర్‌కు మాట మాత్రం అన్నారా? పైగా చెన్నైలో కౌంటర్ మీద తెలుగు, తమిళం, హిందీ మూడూ నడుస్తాయి. హిందీలో "కల్" అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. హౌస్‌కీపింగ్ కుర్రాడు నోటితో చెప్పిన "కల్"ను యథాతథంగా రాసుకుంటే దేవుడే దిక్కు.

సరైన నోట్ ఇలా ఉంటుంది: "306 (01:30కి 304 నుంచి మారారు). బుధ 15, 07:30, ఆస్పత్రికి టాక్సీ. గెస్ట్ అడిగింది 00:40. ట్రావెల్ డెస్క్‌కు 00:50కి ఫోన్ చేశాం, బండి ఇంకా ఖాయం కాలేదు. 07:00కి మళ్లీ అడగాలి."

రేపు, నిన్న, ఈ రాత్రి అనే మాటలు హ్యాండోవర్ పుస్తకంలో ఉండకూడదు. వారం, తేదీ, 24 గంటల అంకె ఉంటే ఏ భాషవాళ్లకైనా ఒకేలా అర్థమవుతుంది. గది మారితే ఆ గది పేరు మీదున్న ప్రతి పెండింగ్ పనినీ కొత్త నంబరు మీద తిరిగి రాయాలి. చివర్లో పని ఏ దశలో ఉందో, తర్వాత ఎన్నింటికి ఏం చేయాలో ఉండాలి.

చాలాచోట్ల ముందు గల్లా, తర్వాత గదులు, చివర్లో పెండింగ్ పనులు అప్పగిస్తారు. ఏడింటి షిఫ్ట్‌కు ఇది తలకిందులు. గల్లా లెక్కకే పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఈలోగా 07:30 బండి చేజారిపోతుంది. 08:00 లోపు జరగాల్సినవి ముందు నోటితో, పుస్తకం మీద వేలుపెట్టి చెప్పాలి. ఆ తర్వాత గదుల తేడాలు, ఆ తర్వాతే గల్లా. దిగేవాళ్లు పావుగంట ఆగేలా, ఎక్కేవాళ్లు 06:45కే వచ్చేలా రోస్టర్ వేయకపోతే మాత్రం ఈ వరస కూడా పనిచేయదు.