ఉద్యోగ వార్షికోత్సవానికి ఒక్క జ్ఞాపకంతో సందేశం రాయడం ఎలా?

తోటి ఉద్యోగి కంపెనీలో చేరి ఇన్నేళ్లయిందని లింక్డిన్‌లోనో, ఆఫీసు హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లోనో కనిపిస్తుంది. పక్కనే రెడీమేడ్ శుభాకాంక్షలు ఉంటాయి. నొక్కితే వెళ్లిపోతాయి. ఆ రోజు అవతలి మనిషికి అవే మాటలు చాలామంది నుంచి వస్తాయి కాబట్టి ఎవరు పంపారో కూడా గుర్తుండదు. అదే, మీరూ ఆయనా కలిసి పనిచేసిన ఒక్క రోజును గుర్తు చేస్తే ఆ సందేశం మీరు తప్ప ఇంకొకరు పంపలేనిది అవుతుంది. ఎలా రాయాలో మా అనంతపురం ఆఫీసులో జరిగిన ఒక ఉదాహరణతో చెబుతాను. మాది డ్రిప్ పైపులు, ఫిట్టింగులు సరఫరా చేసే ఆఫీసు. అకౌంట్స్ చూసే మేడమ్‌కు పదేళ్లు నిండాయి. డిస్పాచ్ చూసే కుర్రాడు ఆమెకు సందేశం రాసి, పంపేముందు నాకు చూపించాడు.

ముందు తేదీ సరిచూసుకోండి

లింక్డిన్ ఈ లెక్కను ప్రొఫైల్‌లో ఆ మనిషి రాసుకున్న చేరిన నెల, సంవత్సరం చూసి కడుతుంది. ఉద్యోగం మానేసినా ప్రొఫైల్ మార్చనివాళ్లు ఉంటారు. అలాంటివాళ్లకు కంపెనీ పేరుతో శుభాకాంక్షలు పంపితే ఇద్దరికీ ఇబ్బందే. అదే కంపెనీలో ప్రమోషన్ వస్తే దాన్ని కొత్త ఉద్యోగంలా నమోదు చేసుకునేవాళ్లూ ఉంటారు. అప్పుడు పదేళ్ల మనిషికి మూడేళ్లే కనిపించవచ్చు. ఆఫీసులో పాతవాళ్లను ఒక మాట అడిగితే తేలిపోతుంది.

జ్ఞాపకం వెతకడం

కుర్రాడి మొదటి రాత ఇది: "హ్యాపీ వర్క్ యానివర్సరీ అక్కా. మీ సపోర్ట్, మీ డెడికేషన్ ఎప్పటికీ మర్చిపోలేను. మీరు మాకు ఇన్‌స్పిరేషన్."

మనసులో నుంచి రాసిందే. కానీ పేరు మార్చి మేనేజర్‌కు పంపినా, వాళ్ల స్కూల్ టీచర్‌కు పంపినా సరిపోతుంది. మీ రాతకు కూడా ఈ పరీక్షే పెట్టండి. ఇంకొకరికి సరిపోతోందంటే జ్ఞాపకం ఇంకా దొరకలేదన్నమాట. "సపోర్ట్ అన్నావు కదా, ఏ రోజు, ఏం చేసింది?" అని అడిగాను. అప్పుడు చెప్పాడు.

అతను చేరిన మొదటి మార్చి. కళ్యాణదుర్గం రోడ్డులోని గోడౌన్‌లో స్టాక్ లెక్కపెడుతున్నారు. పదహారు ఎంఎం పైపు రోల్స్ పుస్తకంలో ఉన్నదానికన్నా 14 తక్కువ వచ్చాయి. "పద్నాలుగు రోల్స్ యాడికి పోయినాయప్పా?" అని మేనేజర్ అడిగితే అందరూ కొత్తగా వచ్చిన ఈ కుర్రాడి వైపే చూశారు. మేడమ్ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ నెలలో సరుకు లోపలికి వచ్చిన చలాన్ల కట్ట తెప్పించుకుని, ఒక్కొక్క లారీ నంబరు పక్కన ఎర్ర పెన్నుతో టిక్ పెట్టుకుంటూ కూర్చుంది. ఒకే లారీ, ఒకే తేదీ రెండు చోట్ల కనిపించింది. వాట్సాప్‌లో వచ్చిన చలాన్ ఫోటో చూసి ఒకసారి, అసలు కాగితం వచ్చాక ఇంకోసారి ఎంట్రీ చేశారు. ఆ లోడ్‌లో ఉన్నవి సరిగ్గా 14 రోల్స్. "సరుకు తక్కువ లేదు సార్, మన రాతే ఎక్కువుంది" అంది.

ఇదీ జ్ఞాపకమంటే. ఇందులో ఆమె చేసిన ఒక పని ఉంది, ఆమె నోటి నుంచి వచ్చిన ఒక మాట ఉంది. మీకు వెంటనే తట్టకపోతే వాట్సాప్‌లో ఆ మనిషి చాట్ తెరిచి పాత ఫోటోలు, ఫైళ్లు చూడండి. ఆడిట్, ట్రైనింగ్, గోడౌన్ మార్పు, ఎవరో సెలవులో ఉంటే వాళ్ల పని మీ ఇద్దరూ మోసిన వారం, ఇలాంటి చోట్లే దొరుకుతుంది. ఫంక్షన్‌లో కలిసి దిగిన ఫోటో కన్నా పని ఇరుక్కుపోయిన రోజు మేలు. ఆ రోజు ఆ మనిషి ఏం చేశారో స్పష్టంగా ఉంటుంది కాబట్టి.

నిజం రూఢి చేసుకోండి

కుర్రాడు "మార్చి 31 రాత్రి" అని గట్టిగా చెప్పాడు. చాట్‌లో గోడౌన్ ఫోటో చూస్తే 30వ తేదీ సాయంత్రం ఉంది. అందుకే తేదీ తీసేసి "నా మొదటి మార్చి ముగింపు" అని రాయమన్నాను. జరిగిన విషయం సరిగ్గా ఉండి, గంట, తేదీ తప్పితే చదివేవాళ్ల దృష్టి ఆ తప్పు మీదకే పోతుంది. ఎదుటివాళ్ల మాటను కొటేషన్‌లో పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త. వాళ్లు అన్నది మీరు చెవులారా విని ఉంటేనే పెట్టండి.

రాయడం కన్నా కొట్టేయడం ముఖ్యం

కుర్రాడి రెండో రాత ఫోన్‌లో రెండు స్క్రీన్లు వచ్చింది. మేనేజర్ ఎలా అరిచాడు, ఆ ఎంట్రీ రెండుసార్లు చేసింది ఎవరు, తను ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డాడు, అన్నీ పెట్టాడు. మేనేజర్ సంగతి తీసేయించాను. తప్పు ఎంట్రీ చేసినతని ఊసు కూడా అక్కర్లేదు. అతను ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాడు, ఇలాంటి సందేశం స్క్రీన్‌షాట్‌గా గ్రూపులోకి వెళ్లడం ఎంతసేపు? ఇక కుర్రాడి టెన్షన్ ఒక్క వాక్యం చాలు. అంతకు మించితే ఆమె గురించిన సందేశం కాస్తా అతని కథ అయిపోతుంది.

క్రమం కూడా ముఖ్యమే. జ్ఞాపకంతో మొదలుపెట్టి శుభాకాంక్షలు చివర పెట్టండి. ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించేది మొదటి ఒకటి రెండు లైన్లే. అక్కడ "హ్యాపీ వర్క్ యానివర్సరీ" ఉంటే మిగతావాటిలో కలిసిపోతుంది. జ్ఞాపకం తర్వాత, దానివల్ల మీ పనిలో ఈరోజుకీ మిగిలిన ఒక మార్పు చెప్పండి. "చాలా నేర్చుకున్నాను" అంటే సరిపోదు, ఏం నేర్చుకున్నారో రాయాలి. చివరికి పంపింది ఇది:

"అక్కా, నా మొదటి మార్చి ముగింపులో 14 రోల్స్ లెక్క తేలక అందరూ నన్నే చూస్తుంటే, మీరు చలాన్ల కట్ట ముందేసుకుని లారీ నంబర్లు ఒక్కొక్కటే టిక్ పెట్టారు. 'సరుకు తక్కువ లేదు సార్, మన రాతే ఎక్కువుంది' అన్నారు. ఆ రోజు నాకు ఊపిరి వచ్చింది. ఇప్పటికీ చలాన్ ఎంట్రీ చేసే ముందు ఆ లారీ నంబరు ముందే ఉందేమో వెతుకుతాను. అది మీ దగ్గర నేర్చుకున్నదే. పదేళ్లు పూర్తయినందుకు శుభాకాంక్షలు అక్కా."

రోజూ అక్కా అని పిలుస్తాడు కాబట్టి ఇక్కడా అక్కా అనే ఉంది. సందేశం కోసమని ఉన్నట్టుండి "గౌరవనీయులైన మేడమ్ గారికి" అని మార్చకండి. అలాగే, రోజూ సార్ అనేవారిని ఆ ఒక్కరోజు అన్నా అనవద్దు.

ఎక్కడ, ఎప్పుడు పంపాలి

నేరుగా ఆమెకే పంపండి. గ్రూపులో పెడితే పది మంది అదే దారిలో బొకే బొమ్మలు పెడతారు, మీ మాట పైకి జరిగిపోతుంది. ఆమె ఇష్టపడి గ్రూపులో పెట్టుకుంటే అది వేరే సంగతి. ఆ సందేశంలో ఇంకే పనీ కలపకండి. లీవ్ సంగతి, పెండింగ్ బిల్లు లాంటివి అదే రోజు అడగాల్సి వస్తే ఫోన్ చేసి అడగండి. తేదీ దాటిపోయినా ఒకటి రెండు రోజుల్లో పంపవచ్చు. "నిన్నే చూశాను" అని ఒక్క మాట చాలు, పెద్ద సంజాయిషీ అక్కర్లేదు.

కలిసి పనిచేసింది తక్కువై ఏ సంఘటనా గుర్తురాకపోతే కల్పించి రాయవద్దు. రెండు మాటల్లో మామూలు శుభాకాంక్షలు పంపండి. ఆ తర్వాత ఏడాదిలో ఆ మనిషితో ఏదైనా పని పడినప్పుడు, వాళ్లు చేసింది ఒక లైన్, అన్న మాట ఒక లైన్, ఫోన్ నోట్స్‌లో అదే సాయంత్రం రాసి పెట్టుకోండి.