చేపకూ కోడికీ అసలు ధర లెక్క

తిరుపతిలో ఆదివారం చేపల దుకాణంలో తూకం సాధారణంగా చేపను శుభ్రం చేయకముందే వేస్తారు. చర్మం తీసిన కోడి మాంసాన్ని మాత్రం ముక్కలకే తూచి ఇస్తారు. కాబట్టి బోర్డుపై రాసిన కిలో ధరలను నేరుగా పోల్చడం సరికాదు.

గత వారం నేను కిలో 220 రూపాయల చొప్పున కిలోన్నర బొచ్చె చేపను 330 రూపాయలకు కొన్నాను. పొలుసు, మొప్పలు, పేగులు, తల పోగా, ముక్కలను జల్లెడలో పది నిమిషాలు నీరు ఓడనిచ్చి తూచితే 960 గ్రాములు వచ్చాయి. తిన్న తరువాత మిగిలిన ముళ్లు సుమారు 110 గ్రాములు. అంటే తినగలిగినది 850 గ్రాములే, కిలో సుమారు 388 రూపాయలు పడింది. అదే రోజు 260 రూపాయలకు కొన్న కిలో కోడి మాంసంలో ఎముకలు 300 గ్రాములు పోగా, కిలో సుమారు 371 రూపాయలు తేలింది. చవక అనుకున్న చేపే ఖరీదైనది!

బొచ్చెకు తల పెద్దది కనుక తరుగు ఎక్కువ. తలను పులుసులో వేసుకునేవారు దానిలోని కండను కూడా లెక్కలో చేర్చాలి. ఉడికిన ఎముకల బరువు పచ్చివాటి బరువుతో సరిగ్గా సమానం కాదు కనుక ఈ లెక్కలో పది, పదిహేను రూపాయల తేడాను పట్టించుకోనక్కరలేదు.