అంకెల్లేని బార్ చార్ట్ వస్తే స్కేలు తీయండి

విశాఖ ఫ్లాట్ల ధరలంటూ వాట్సాప్‌లో ఒక బార్ చార్ట్ వచ్చిందనుకోండి. కింద గాజువాక, మధురవాడ, ఎంవీపీ కాలనీ అని పేర్లున్నాయి. పక్కన అంకెల్లేవు, ఎవరు చేశారో, ఏ ఏడాదిదో లేదు. స్కేలు పెట్టి కొలిస్తే బార్లు వరుసగా 2, 3, 4 సెంటీమీటర్లు.

ఎంవీపీలో రేటు గాజువాకకు రెట్టింపని చదివేయకండి. బార్లు మొదలయ్యే అడుగు గీత సున్నా అయితేనే అది నిజం. ఆ గీత చదరపు అడుగుకు 5,000 రూపాయల దగ్గర మొదలై, సెంటీమీటరుకు 500 చొప్పున పెరిగిందనుకుంటే ధరలు 6,000, 6,500, 7,000. పొడవు రెట్టింపైనా తేడా 17 శాతం లోపే!

మరి ఏం చెప్పొచ్చు? ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న వరుస చెప్పొచ్చు. చార్టులో ప్రతి సెంటీమీటరుకూ విలువ ఒకే మొత్తం పెరుగుతుంటే, గాజువాకకూ మధురవాడకూ ఎంత తేడానో మధురవాడకూ ఎంవీపీకీ అంతేనని కూడా చెప్పొచ్చు. ప్రతి సెంటీమీటరుకూ విలువ అన్నే రెట్లు పెరిగే లాగ్ స్కేలైతే ఈ రెండోది చెల్లదు. అసలు అవి ధరలా, రిజిస్ట్రేషన్ల సంఖ్యా అన్నది బొమ్మ చెప్పదు, పంపినవాళ్ల మాటే.

పంపినవాళ్లను ఏ రెండు బార్ల అంకెలైనా అడగండి. విలువ సెంటీమీటరుకు ఒకే మొత్తం పెరుగుతుంటే మూడోదీ, అడుగు గీత విలువా మీరే లెక్కకట్టొచ్చు.