సగటు కట్టే ముందు ఒకసారి కూడి చూడండి

సంభావ్యత లెక్కల్లో సగటు దాకా వెళ్లాక జవాబు తేడా కొడితే, తప్పు ఎక్కడుందో వెతకడానికే ఎక్కువ సేపు పడుతుంది. అందుకే ముందు సంభావ్యతలన్నీ కూడండి, సరిగ్గా 1 రావాలి.

ఉదాహరణకు సంచిలో 5 ఎర్ర బంతులు, 3 నీలం బంతులు ఉన్నాయి. తీసినది తిరిగి వేయకుండా రెండు తీస్తున్నాం. రెండూ ఎర్రవి కావడానికి 20/56, రెండూ నీలం కావడానికి 6/56. ఒక్కటే ఎర్రది రావడానికి చాలామంది 5/8 × 3/7 = 15/56 అని రాసేస్తారు. కూడితే 41/56 వస్తుంది, అంటే 15/56 తక్కువ. ఆ తగ్గిన మొత్తమే తప్పును పట్టిస్తుంది: ముందు నీలం, తర్వాత ఎర్ర వచ్చే వరుసను వదిలేశాం. దాన్ని కలిపితే 30/56, మొత్తం 1. 1 దాటితే మాత్రం ఏదో ఒక ఫలితాన్ని రెండుసార్లు లెక్కపెట్టామేమో చూడాలి.

కూడేటప్పుడు భిన్నాలనే ఉంచండి. ఇవే 0.36, 0.54, 0.11 అని సవరించి కూడితే 1.01 వస్తుంది, లేని తప్పు కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఒక్క జాగ్రత్త: మొత్తం 1 వచ్చినంత మాత్రాన లెక్క సరైనదని కాదు. ఇక్కడే మూడింటికీ తలా 1/3 ఇచ్చినా 1 వస్తుంది, కానీ మూడూ తప్పే.