ఉదహరింపు పాఠాలు – 6: మన పాత ప్రాజెక్టు రిపోర్టు మనకు ఆధారమవుతుందా?

గత భాగంలో ప్రభుత్వ నివేదికలను ఉదహరించే పద్ధతి చూశాం. డిగ్రీలో తామే రాసి సమర్పించిన, ఎక్కడా అచ్చుకాని ప్రాజెక్టు రిపోర్టును ఎమ్మెస్సీ వ్యాసంలో ఆధారంగా చూపవచ్చా అని కోనసీమ విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. చూపవచ్చు, కానీ ఆ రిపోర్టు ఏ వాక్యాన్ని నిలబెడుతుంది, ఏ వాక్యాన్ని నిలబెట్టదు అన్నది విడివిడిగా తేల్చుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అమలాపురంలో బీఎస్సీ చదివిన ఒక అమ్మాయి 2022 మేలో అల్లవరం, ఉప్పలగుప్తం మండలాల్లో 14 నూతుల నీటిలో ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుద్వాహకతను కొలిచి రిపోర్టు ఇచ్చిందనుకుందాం. ఇప్పుడు కాకినాడలో ఎమ్మెస్సీ చేస్తూ, అదే ప్రాంతంలో నీటి ఉప్పదనంపై వ్యాసం రాస్తోంది. తన రిపోర్టును మూడు చోట్ల ఉదహరించింది.

మొదటి చోట, ‘తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 2000 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు’ అని రాసి తన రిపోర్టును చూపింది. ఇది ఆమె కనుగొన్న విషయం కాదు, భారత ప్రమాణం ఐఎస్ 10500 నుంచి తెచ్చుకున్నది. కాబట్టి ఆ ప్రమాణాన్నే తెరిచి, దాన్నే ఉదహరించాలి. అలా తెరిస్తే అసలు ఆమోదయోగ్య పరిమితి 500 మిల్లీగ్రాములని, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 2000 వరకు అనుమతిస్తారని కనిపిస్తుంది. ఆ షరతు పాత రిపోర్టులో జారిపోయింది, అక్కడి నుంచి కొత్త వ్యాసంలోకి అలాగే వచ్చేసింది. మన రాతను మనమే నమ్మి ఉదహరించినప్పుడు జరిగే అతి సాధారణమైన పొరపాటు ఇదే.

రెండవ చోట ఆమె తన కొలతలను వాడుకుంది. ఈ అంకెలు మరెక్కడా దొరకవు కాబట్టి ఇక్కడ ఆమె రిపోర్టే మూలం. అయితే కళాశాల బీరువాలో ఉన్న ఆ ప్రతిని చదువరి తెప్పించుకోలేడు, కాబట్టి పేరు చెప్పి ఊరుకుంటే చాలదు. పద్నాలుగు నూతుల పట్టికను అనుబంధంగా చేర్చి, ఏ మీటరుతో, ఏ తేదీన, ఎంత లోతు నీటిలో కొలిచిందీ పద్ధతి అధ్యాయంలో చెప్పాలి. ఆ రోజు మీటరును 1413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంతో సరిచూసినట్టు నోటుబుక్కులో ఉందా అన్నది నేను మొదట అడిగే ప్రశ్న. లేకపోతే ఆ మాట వ్యాసంలో దాచకుండా రాయాలి. అప్పుడు కూడా, ఒకే మీటరుతో ఒకే రోజున కొలిచిన నూతులలో ఏది ఎక్కువ ఉప్పనో జాగ్రత్తగా చెప్పుకోవచ్చు. కానీ 2022 అంకెలను ఈ ఏడాది మరో మీటరుతో తీసిన అంకెల పక్కన పెట్టి ‘ఉప్పదనం పెరిగింది’ అని అనడానికి వీల్లేదు. ఇంకొకటి, వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. కాలువ నీరు ఊరని రోజుల్లో తీసిన కొలతను కాలువ పారే నెలల కొలతతో పోల్చితే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. ఆమె పాత రిపోర్టులో తేదీ ఉంది, కాలువ ఊసు లేదు.

మూడవ చోట, కాలువ చివరి ఊళ్లలో నూతులు ముందుగా ఉప్పబారతాయన్న తన పాత ఊహను చెప్పింది. ఆ ఆలోచన ముందే ఒక రిపోర్టులో వచ్చిందని తెలపడానికి ఇక్కడ ఉదహరించడం న్యాయం. కానీ పాత రిపోర్టులో అన్నంత మాత్రాన అది రుజువు కాదు, దాన్ని కొత్త కొలతలే మోయాలి.

ఉదహరింపు రూపం సులువే: పేరు, సంవత్సరం, శీర్షిక, ఆ తర్వాత చదరపు కుండలీకరణాల్లో ‘ముద్రితం కాని బీఎస్సీ ప్రాజెక్టు నివేదిక’ అని, చివర శాఖ, కళాశాల పేర్లు రాయాలి. ‘ముద్రితం కాని’ అన్న మాటను వదిలేస్తే చదువరి దాన్ని అచ్చయిన పుస్తకమనుకుని వెతుకుతాడు.

ఇక పాత పేరాలనే ఎత్తి కొత్త వ్యాసంలో పెట్టడం వేరే సంగతి. అచ్చయిన సొంత రచనను తగిన ఉదహరింపు లేకుండా మళ్లీ వాడడం ఆమోదయోగ్యం కాదని యూజీసీ 2020లో ప్రకటించింది. అచ్చుకాని ప్రాజెక్టు విషయంలోనూ, ఒక డిగ్రీకి మార్కులు తెచ్చిన పేరాను మరో డిగ్రీకి సమర్పించేముందు గైడుకు చూపి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. ఎంత భాగం పాతదో ముందుమాటలో చెప్పాలి.

ఈ వారం అభ్యాసంగా మీ పాత రిపోర్టులో ఒక పేజీ తీసుకుని, ప్రతి వాక్యం పక్కన ‘ఇతరుల నుంచి’, ‘నా కొలత’, ‘నా ఊహ’ అని పెన్సిలుతో గుర్తు పెట్టండి. మొదటి గుర్తు పడిన వాక్యాలకు అసలు మూలాలు వెతికి తెచ్చుకోండి, వాటితోనే ఏడవ భాగం మొదలుపెడదాం.