పలువురు రచయితల పుస్తకం: స్టైల్ షీట్ ఉన్నా తేడాలు ఎందుకు మిగులుతాయి?

సమస్య: పుస్తకమంతా ఏ మాట ఎలా ఉండాలో రాసిపెట్టుకున్న షీట్‌లో ‘హైదరాబాద్’ అని రాసుకున్నాం. ప్రూఫులో మాత్రం ఒక వ్యాసంలో ‘హైదరాబాదులో’, ఇంకోదాంట్లో ‘హైదరాబాద్‌లో’.

షీట్‌లో విడిమాట ఒక్కటే ఉండటం దీనికి కారణం. వ్యాసాల్లో ఆ మాట చాలాచోట్ల విభక్తితో కలిసే వస్తుంది. అక్కడ ఏం చేయాలో షీట్ చెప్పకపోతే దిద్దేవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు చేస్తారు.

అందుకే ప్రతి మాటకీ రెండు రూపాలూ, వద్దనుకున్న రూపమూ, మొదట కనిపించిన వ్యాసం నంబరూ రాయండి:

```
హైదరాబాద్ | హైదరాబాదులో, హైదరాబాదుకు | వద్దు: హైదరాబాద్‌లో | వ్యాసం 3
```

పైన ఒక నియమం కూడా ఉండాలి: ఊరిపేరు విడిగా ఉంటే పొల్లు, విభక్తి చేరితే ఉకారం. అప్పుడు నిజామాబాద్‌ను ఎలా రాయాలని దిద్దేవాళ్ల నుంచి మళ్లీ ఫోన్ రాదు. ఏ రూపం ఒప్పు అని వాదించుకోవడం కన్నా, ఎక్కువ మంది రచయితలు రాసినదాన్ని తీసుకోవడమే నయం. దిద్దుబాటు తగ్గుతుంది.

సమస్య: పదసూచికలో ఒకే మాట రెండుసార్లు వచ్చింది. కంటికి తేడా లేదు.

కొందరి కీబోర్డు పొల్లు తర్వాత కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తుంది. దాని కోడ్ U+200C. మాట చివర అది ఉన్నా లేకపోయినా మనకు ఒకేలా కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు మాటలు.

లిబ్రాఫీస్ రైటర్‌లో Find and Replace తెరిచి, Regular expressions టిక్ చేసి, ఇది వెతికి, Replace పెట్టెలో ఏమీ రాయకుండా మార్చండి:

```
\u200C(?![\u0C00-\u0C7F])
```

మాట మధ్యలో ఉన్నదాన్ని తీయకండి. తీస్తే ‘సాఫ్ట్‌వేర్’లో వకారం వత్తుగా మారిపోతుంది.

సమస్య: ‘వ్రాశారు’ని ‘రాశారు’గా మార్చబోతే ‘చేవ్రాలు’ కాస్తా ‘చేరాలు’ అయింది.

‘వ్రా’ అన్నదాన్నల్లా ‘రా’గా మార్చేశారన్నమాట. పాత ఉత్తరాల ఉల్లేఖనలుంటే అవీ పాడై ఉంటాయి, వాటిని మూలంతో పోల్చి చూడాల్సిందే. Replace All జోలికి పోకుండా ఒక్కో చోటా చూసి మార్చండి. షీట్ మొదట్లోనే ‘ఉల్లేఖనలు, పుస్తకాల పేర్లు, మనుషుల పేర్లు ముట్టుకోవద్దు’ అని ఉండాలి.

సమస్య: పంక్తి మధ్యలో ‘విశ్వవిద్యా-లయం’.

పేజీ కట్టేటప్పుడు పంక్తి చివర ఎవరో చేత్తో హైఫన్ కొట్టారు, తర్వాత పంక్తి జరిగింది. వర్డ్‌లో అయితే Ctrl, హైఫన్ కలిపి నొక్కాలి. ఆ హైఫన్ పంక్తి విరిగినప్పుడే అచ్చవుతుంది. సమాసాల సంగతి వేరు: ‘భార్యాభర్తలు’ కలిపి, ‘ఆంధ్ర-కర్ణాటక సరిహద్దు’ హైఫన్‌తో అని షీట్‌లో విడిగా రాసుకోండి.

సమస్య: ఆధార గ్రంథాల్లో ఇంగ్లీషు పేర్లకు పెద్దక్షరాలు ఒక్కో వ్యాసంలో ఒక్కోలా ఉన్నాయి.

తెలుగు లిపిలో ఈ బాధ లేదు కాబట్టి షీట్‌లో దీన్ని చాలామంది మరిచిపోతారు. పుస్తకం పేరులో మొదటి మాటకూ, మనుషుల, ఊళ్ల పేర్లకూ మాత్రమే పెద్దక్షరం, పత్రికల పేర్లు పత్రిక మీద ఉన్నట్టే అని పెట్టుకుంటే సరిపోతుంది. వర్డ్‌లో Sentence case నొక్కితే ఊళ్ల పేర్లు కూడా చిన్నక్షరాల్లోకి వెళ్లిపోతాయి కాబట్టి ఈ పని చేత్తోనే చేయాలి.